స్లాట్లున్న వేస్టా, లేనిదా? బాటిల్ ట్రాపా, పీ ట్రాపా?

ప్రశ్న: వాష్ బేసిన్ కింద సన్నగా నీళ్లు కారుతున్నాయి. బేసిన్ నింపి ఉంచితే ఏమీ లేదు, బిరడా తీస్తేనే కారుతోంది. అప్పుడప్పుడు వాసన కూడా. బేసిన్ అడుగు రంధ్రంలో బిగించే వేస్ట్ కప్లింగ్, దాని కిందుండే ట్రాపు రెండూ మార్చేద్దామనుకుంటున్నా. గొలుసు బిరడా బదులు పాప్-అప్ పెడదామంటే "పాప్-అప్ కావాలా, స్లాటెడ్ కావాలా" అని షాపులో అడిగారు. ట్రాపు బాటిల్‌దా, పీ ట్రాపా అన్నదీ తేలడం లేదు. బేసిన్ లోపల పై అంచు దగ్గర చిన్న రంధ్రం ఉంది. బేసిన్ అడుగు నుంచి గోడలోని పైపు మధ్యకి కిందికి 16 సెం.మీ. ఆ పైపు వేస్టుకి సరిగ్గా ఎదురుగా లేదు, 8 సెం.మీ. కుడికి ఉంది. గోడకి దూరం 20 సెం.మీ. కింద అల్మరా ఉంది, చోటుకి ఇబ్బంది లేదు. ఏవి కొనాలి, ఎలా బిగించాలి?

జవాబు: స్లాట్లున్న పాప్-అప్ తీసుకోండి. ట్రాపు విషయంలో మీ కొలతలకి పీ ట్రాప్ తేలిగ్గా సరిపోతుంది. బాటిల్ కూడా పెట్టొచ్చు గానీ ఒక లెక్క చూసుకుని పెట్టాలి, అది కింద చెప్తాను.

ముందు ఆ "పాప్-అప్పా, స్లాటెడా" సంగతి. ఆ ప్రశ్నే తప్పు. పాప్-అప్ అంటే వేస్టు ఎలా మూసుకుంటుందన్న విషయం: వేలితో నొక్కితే మూత కిందికి దిగుతుంది, మళ్లీ నొక్కితే లేస్తుంది. స్లాటెడ్ అంటే వేస్టు ఒంటికి పక్కన చీలికలున్నాయా లేదా అన్న విషయం. ఈ రెంటికీ పోటీ లేదు. పాప్-అప్‌లో స్లాట్లున్నవీ ఉంటాయి, లేనివీ ఉంటాయి. జాలీ మూతవి, గొలుసు బిరడావి కూడా అంతే. మూత ఏ రకమన్నది మీ ఇష్టం. స్లాట్ల సంగతి మాత్రం మీ బేసినే తేలుస్తుంది.

పై అంచు దగ్గరున్న ఆ రంధ్రం ఓవర్‌ఫ్లోది. బేసిన్ నిండిపోతే నీళ్లు అందులోకి దిగి, పింగాణీ రెండు పొరల మధ్య ఉన్న ఖాళీలోంచి కిందికొచ్చి, వేస్టు కూర్చున్న రంధ్రం పక్క గోడలోంచి బయటికి వస్తాయి. అక్కడ్నుంచి వేస్టు లోపలికి వెళ్లాలంటే వేస్టు ఒంటికి చీలికలుండాలి. స్లాట్లు ఉన్నది అందుకే. పాత వేస్టు విప్పాక బేసిన్ రంధ్రంలోకి టార్చి వేసి చూడండి, పక్క గోడలో ఒక నోరు కనిపిస్తుంది.

ఓవర్‌ఫ్లో ఉన్న బేసిన్‌కి స్లాట్లు లేని వేస్టు పెడితే మొదటి రోజు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మూత మూసి కుళాయి వదిలేసినప్పుడు తెలుస్తుంది. ఓవర్‌ఫ్లోలోకి వెళ్లిన నీళ్లకి దారి లేదు, ఆ ఖాళీ నిండి బేసిన్ అంచు దాటి నేల మీదికి పొర్లుతుంది. అంతకంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇంకొకటి ఉంది. లోపలికి చేరిన సబ్బు నీళ్లు బయటికి పోలేక అక్కడే నిలిచి కుళ్లిపోతాయి. అప్పుడు పై రంధ్రంలోంచి వాసన వస్తుంటే జనం ట్రాపుని తిట్టుకుంటూ దాన్ని మార్చుకుంటారు.

దీనికి ఎదురు తప్పు, ఓవర్‌ఫ్లో లేని బేసిన్‌కి స్లాట్లున్నది పెట్టడం. బల్ల మీద పెట్టే గిన్నెలాంటి బేసిన్లలో అడుగు పలచగా ఉంటుంది. వేస్టు బిగించాక స్లాటు బేసిన్ అడుగు దాటి కిందికి వస్తే నీళ్లు నేరుగా అల్మరాలోకి పోతాయి. స్లాటు పింగాణీ మందం లోపలే ఉండిపోయినా, వేస్టుకీ పింగాణీకీ మధ్య సందులో మురికి నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. ఇలాంటి బేసిన్లకి స్లాట్లు లేనిదే పెట్టాలి, అదీ మూసుకోని జాలీ రకమైతే మేలు. ఓవర్‌ఫ్లో లేకుండా మూసుకునే పాప్-అప్ పెట్టాక కుళాయి కట్టడం ఎవరు మర్చిపోయినా గది తడుస్తుంది.

ఇక కొనేటప్పుడు. బేసిన్ వేస్టు మర సైజు ఒకటింపావు అంగుళం, దాన్నే 32 మి.మీ. అంటారు. తమాషా ఏంటంటే ఆ మర బయటి వ్యాసం కొలిస్తే దాదాపు 42 మి.మీ. వస్తుంది. స్కేలు పెట్టి కొలిచి "నాది 40 మి.మీ." అని వంటింటి సింకుకి పెట్టే ఒకటిన్నర అంగుళం సామాను తెచ్చుకునేది ఇక్కడే. దాని మర బయటి వ్యాసం దాదాపు 48 మి.మీ. ఉంటుంది. పాత వేస్టుని చేత్తో పట్టుకుని వెళ్తే ఈ గొడవ ఉండదు.

రెండోది మర ఎంత పొడవునా ఉందో చూడాలి. ఫుల్ త్రెడ్ అంటే పైన అంచు దాకా మర ఉంటుంది, హాఫ్ త్రెడ్ అంటే కింది సగానికే. ఓవర్‌ఫ్లో బేసిన్లలో అడుగు రెండు పొరలు కాబట్టి మందం ఎక్కువ, అక్కడ హాఫ్ త్రెడ్ పనిచేస్తుంది. పలచటి అడుగుకి అదే పెడితే వేస్టుని కిందనుంచి బిగించే చెక్ నట్టు మర అయిపోయిన చోట ఆగిపోతుంది, వాషరు మాత్రం ఇంకా వదులుగానే ఉంటుంది. నట్టు గట్టిగా తగిలింది కదా అని బిగిసిందనుకుంటారు. కొనే ముందు బేసిన్ అడుగు మందాన్ని పాత వేస్టు మీద చూసుకోండి. అంచు కింది నుంచి నట్టు పై ముఖం దాకా ఎంత ఉందో అందులోంచి రెండు వాషర్ల మందం తీసేస్తే అదే మందం. కొత్త వేస్టులో స్లాట్లు ఆ మందం లోపలే ముగియాలి, మర దాని లోపలే మొదలవ్వాలి. ఇక బేసిన్ కిందికి కనీసం 3, 4 సెం.మీ. తోక మిగలాలి, ఎందుకంటే చెక్ నట్టు, ట్రాపు నట్టు రెండూ ఎక్కాల్సింది ఆ తోక మీదే.

మూత సంగతి కూడా ఒక మాట. నొక్కుడు పాప్-అప్ తెరిచినప్పుడు మూత కాస్తే లేస్తుంది, ఆ సందులోంచే నీళ్లు పోవాలి. మధ్యలో కాడ ఉంటుంది, తలవెంట్రుకలు దాని చుట్టూ చుట్టుకుంటాయి. కాబట్టి మూతని పైనుంచే చేత్తో తిప్పి తీయగలిగే రకం తీసుకోండి. కింద ట్రాపు విప్పితే తప్ప శుభ్రం చేయలేని రకం వద్దు. కుళాయి వెనక కడ్డీ లాగితే లేచే పాప్-అప్ కూడా ఉంది. దానికి వేస్టు పక్కనుంచి ఒక కడ్డీ లోపలికి వెళ్తుంది, ఆ గుండు కీలు దగ్గర కారడానికి ఇంకో చోటు తయారవుతుంది. కుళాయిలో దానికి వీలు ముందే ఉంటే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

ఇప్పుడు మీ కారే నీళ్లు. నింపి ఉంచితే లేదు, వదిలితే ఉంది అన్నారు. ఇది మంచి ఆనవాలు. బిరడా స్లాట్లకి పైన కూర్చుంటుంది కాబట్టి నిండు బేసిన్‌లో నీళ్లు స్లాట్ల దాకా రావు. బిరడా తీయగానే దిగే నీళ్లలో కొంత స్లాట్లలోంచి బయటికి, పొరల మధ్య ఖాళీలోకి పోతుంది. అక్కడ్నుంచి వేస్టు బయటి మర వెంట కిందికి పాకుతుంది. దాన్ని ఆపాల్సింది అడుగున ఉన్న వాషరు. స్లాట్లున్న వేస్టులో అసలు అడ్డుకట్ట అడుగు వాషరే, ఈ ఒక్కటీ గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. స్లాట్లు లేని వేస్టులో మాత్రం పై అంచు కింది వాషరే ముఖ్యం, అది సరిగ్గా కూర్చుంటే నీళ్లు ఆ సందులోకే రావు.

అయితే ట్రాపు కీళ్లు కూడా నీళ్లు వదిలినప్పుడే కారతాయి. ఏది దోషో విప్పకముందే తేల్చుకోండి. అన్ని నట్లనీ పొడి గుడ్డతో తుడిచి, టిష్యూ కాగితం ముక్క ఒకటి చెక్ నట్టుకి పైన, ఒకటి ట్రాపు నట్టుకి పైన, ఒకటి ట్రాపు కింద చుట్టి నీళ్లు వదలండి. మొదట ఏది తడిస్తే అక్కడిదే లోపం. పైది తడిస్తే అడుగు వాషరు. పైది పొడిగా ఉండి రెండోది తడిస్తే ట్రాపు నట్టు.

పాతది విప్పడం. కింద బకెట్ పెట్టి ముందు ట్రాపు తీయండి, దాన్నిండా నీళ్లుంటాయి. తర్వాత చెక్ నట్టు. నట్టు తిప్పుతుంటే వేస్టు మొత్తం తిరిగిపోతుంది, కాబట్టి పైన జాలీ అడ్డకమ్మీల మధ్య కటింగ్ ప్లయర్ పిడులు దూర్చి ఒకరు పట్టుకోవాలి. ఏళ్ల తరబడి పట్టేసిన ఇత్తడి నట్టు కదలకపోతే బలవంతంగా తిప్పొద్దు, ఆ జోరంతా పింగాణీ మీద పడి బేసిన్ చిట్లుతుంది. హాక్సా బ్లేడుతో నట్టుని ఏటవాలుగా కోసి, కోతలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే విడిపోతుంది. బ్లేడు పింగాణీకి తగలకుండా మధ్యలో అట్టముక్క పెట్టండి. తర్వాత పాత సిలికోన్, సిమెంటు, పుట్టీ పైనా కిందా అంతా చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ చెక్కుడుతోనో గీకి, స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. అడుగు పింగాణీ చాలాసార్లు గరుకుగా, మెరుపు లేకుండా ఉంటుంది. ఆ గుంటల మీద గట్టి వాషరు సరిగ్గా కూర్చోదు, మెత్తటి మందపాటి రబ్బరు వాషరే కావాలి.

బిగించే వరుస ఇది. పై అంచు కింద దానితో వచ్చిన రబ్బరు రింగు పెట్టండి. రింగు రాకపోతే సన్నని సిలికోన్ గీత ఒకటి చాలు. రెండూ కలిపి దట్టించొద్దు, సిలికోన్ మీద రబ్బరు జారి బయటికొస్తుంది. వేస్టుని పైనుంచి దించి, ఒక స్లాటు ఓవర్‌ఫ్లో నోటికి ఎదురుగా వచ్చేలా తిప్పండి. నోరు కుళాయి వైపే ఉంటుందని అనుకోకండి, టార్చితో చూసి నిర్ధారించుకోవాలి. కిందనుంచి మెత్తటి రబ్బరు వాషరు, దాని కింద ప్లాస్టిక్ వాషరు, ఆ తర్వాత చెక్ నట్టు. ప్లాస్టిక్ వాషరు అనవసరమని పారేసేవాళ్లున్నారు. దాని పని, నట్టు తిరుగుతున్నా రబ్బరు తిరగకుండా చూడటం. అది లేకపోతే నట్టుతో పాటు రబ్బరు మెలితిరిగి ఒక పక్కకి పొడుచుకొస్తుంది.

మీ పాత వేస్టు కారింది కాబట్టి ఒక అదనపు పని చేయండి. వాషరు మర మీదే కూర్చుంటుంది, మర గాడి మెట్ల వరుసలా కిందిదాకా తిరుగుతుంది, నీళ్లు ఆ గాడి వెంటే దిగుతాయి. కాబట్టి రబ్బరు వాషరు వచ్చే చోట మర చుట్టూ సిలికోన్ పూసి, గాడి నిండాక వాషరుని దాని మీదికి తోయండి. సిలికోన్ స్లాట్ల దాకా పోకూడదు, స్లాటు కింది అంచుకి 5 మి.మీ. కిందే ఆపండి. సిలికోన్ లేకపోతే అదే చోట టెఫ్లాన్ టేపు ఆరేడు చుట్లు చుట్టినా పని జరుగుతుంది.

చెక్ నట్టుని చేత్తో బిగుసుకునేంత తిప్పి, తర్వాత స్పానర్‌తో పావు నుంచి అర చుట్టు. అంతే. రబ్బరు కాస్త ఉబ్బినట్టు కనిపిస్తే సరిపోయింది, వాషరు అంచు నట్టుని దాటి బయటికి వచ్చేస్తుంటే ఎక్కువైంది. గాజు బేసిన్ అయితే స్పానరే వద్దు. ఒకసారి బిగించాక "స్లాటు కాస్త పక్కకి పోయింది" అని వేస్టుని తిప్పితే సిలికోన్ పొర తెగిపోతుంది, మళ్లీ మొదట్నుంచి చేయాలి. అందుకే నట్టు తిప్పేటప్పుడు పైన వేస్టుని పట్టుకోవడం ముఖ్యం. సిలికోన్ వాడినట్టయితే ట్యూబు మీద రాసినంత సేపు, మామూలుగా ఒక రోజు, నీళ్లు తగలనివ్వొద్దు.

ఇక ట్రాపు. ఏ ట్రాపైనా చేసేది ఒకటే: కొన్ని నీళ్లని తనలో ఆపుకుని గొట్టంలోని గాలి పైకి రాకుండా అడ్డుకోవడం. ఆ అడ్డు నీళ్ల లోతుని సీల్ అంటారు, బేసిన్‌కి 5 నుంచి 7.5 సెం.మీ. ఉండాలి. పీ ట్రాప్‌లో ఆ లోతు యూ ఆకారపు పైపు వంపులోనే ఉంటుంది, ఎలా బిగించినా మారదు. బాటిల్ ట్రాప్‌లో పైనుంచి ఒక గొట్టం గిన్నెలోకి దిగుతుంది, నీళ్లు దాని కింది అంచు చుట్టి పైకొచ్చి పక్క గొట్టంలోంచి పోతాయి. ప్లాస్టిక్ బాటిళ్లలో చాలావాటికి ఈ లోపలి గొట్టం అచ్చులోనే స్థిరంగా ఉంటుంది. మెరిసే లోహపు బాటిళ్లలో మాత్రం బేసిన్ నుంచి దిగే పైపే జారుతూ గిన్నెలోకి వెళ్తుంది. ఎత్తు సరిపోవడానికి దాన్ని పైకి లాగితే సీల్ తగ్గిపోతుంది. కొత్త బాటిల్ పెట్టిన వారానికే వాసన వస్తోందని చెప్పే వాళ్లలో చాలామందిది ఇదే సమస్య.

మీ కొలతలతోనే లెక్క వేద్దాం. బేసిన్ అడుగు నుంచి గోడ పైపు మధ్యకి 16 సెం.మీ. వేస్టు తోక 4 సెం.మీ. కిందికి వస్తుందనుకుందాం, మిగిలేది 12. గోడ దాకా 20 సెం.మీ. గొట్టానికి వాలు కావాలి, మీటరుకి 2 సెం.మీ. చొప్పున ఇక్కడ 4 మి.మీ. అంటే బాటిల్ పక్క నోరు మధ్య, వేస్టు తోక చివరి నుంచి సుమారు 11.5 సెం.మీ. కింద ఉండాలి. ఆ పక్క నోటి అడుగు దాని మధ్య కంటే ఇంకో 1.5 సెం.మీ. కింద ఉంటుంది, గిన్నెలో నీళ్లు నిలిచేది ఆ మట్టానికి. అక్కడ్నుంచి లోపలి పైపు ఇంకో 5 సెం.మీ. మునగాలి. మొత్తం 11.5 కి 1.5, 5 కలిపితే 18. అంటే దిగే పైపు పొడవు కనీసం 18 సెం.మీ. ఉండాలి. పెట్టెలో వచ్చిన పైపు 15 సెం.మీ. అయితే మునిగేది 2 సెం.మీ. మాత్రమే. బేసిన్ నిండా వదిలిన నీళ్ల లాగుడుకో, నాలుగు రోజులు వాడకపోతే ఆవిరికో ఆ 2 సెం.మీ. పోతుంది. పైపు 20 సెం.మీ. అయితే 7 సెం.మీ. మునుగుతుంది, చక్కగా ఉంటుంది. కానీ పైపు కింది అంచుకీ గిన్నె అడుగుకీ మధ్య కనీసం 2 సెం.మీ. ఖాళీ ఉంచండి, లేకపోతే కాస్త మడ్డి చేరగానే దారి మూసుకుపోతుంది. ఎక్కువైతే కింది చివర కోసుకోవచ్చు.

ఆ లెక్క సరిపోయినా మీకు ఇంకో చిక్కు ఉంది. గోడ పైపు 8 సెం.మీ. కుడికి ఉంది. బాటిల్ నోరు వేస్టు కిందే ఉంటుంది కాబట్టి నేరు గొట్టం పెడితే అది గోడకి ఏటవాలుగా చేరుతుంది, గోడలోని పైపు మాత్రం గోడకి లంబంగా ఉంటుంది. ఏటవాలు గొట్టాన్ని లాగి దూరిస్తే రబ్బరు ఒక వైపే నొక్కుకుంటుంది, రెండో వైపు సందు మిగులుతుంది. సరిచేయాలంటే ఎల్బో కలపాలి, ఆ ఎల్బో దగ్గర మళ్లీ మడ్డి.

పీ ట్రాప్‌లో ఈ గొడవ లేదు. యూ వంపు వేస్టు కింది నట్టు దగ్గర తిరుగుతుంది, గోడకి వెళ్లే చేయి యూ రెండో చివర దగ్గర తిరుగుతుంది. యూ రెండు కాళ్ల మధ్య దూరం 8 సెం.మీ. అయితే దాన్ని పూర్తిగా కుడికి తిప్పితే రెండో కాలు సరిగ్గా గోడ పైపుకి ఎదురుగా వస్తుంది, చేయి నేరుగా గోడలోకి పోతుంది. మీరు కొనేదానికి ఆ దూరం 10 సెం.మీ. ఉంటే పూర్తిగా తిప్పకుండా కాస్త ముందే ఆపితే సరి. 8 కంటే తక్కువున్నది మాత్రం వద్దు. ఎత్తు తేడాని దిగే ముక్కని కోసి సర్దుకోవాలి. ఇక్కడ ఆ ముక్కని ఎంత లోపలికి తోసినా సీల్ మారదు, నట్టు దాటి 2, 3 సెం.మీ. లోపలుంటే చాలు. కోత నేరుగా ఉండాలి, కోసిన అంచుకి ఇసుక కాగితం పెట్టండి. ముళ్లలా మిగిలితే వాషరుని కోస్తుంది, వెంట్రుకల్ని పట్టుకుంటుంది.

మడ్డి విషయంలోనూ పీ ట్రాప్‌ది పైచేయి. పైపు వెడల్పు మొదటి నుంచి చివరి దాకా ఒకటే కాబట్టి వేగం తగ్గదు, వదిలిన నీళ్లే వంపుని కడుక్కుంటూ పోతాయి. బాటిల్‌లో నీళ్లు వెడల్పాటి గిన్నెలోకి వచ్చి నెమ్మదిస్తాయి, గడ్డం వెంట్రుకలు, సబ్బు జిడ్డు అడుగున కూర్చుంటాయి. గిన్నె విప్పడం తేలికే, కానీ విప్పాల్సి రావడం మామూలే.

అలాగని బాటిల్‌కి చోటు లేదని కాదు. స్తంభం మీద నిలబెట్టే బేసిన్‌లో స్తంభం లోపల యూ వంపు తిరగడానికి చోటుండదు, బాటిల్ నిలువుగా సర్దుకుంటుంది. కింద ఏమీ లేకుండా గోడకి వేలాడే బేసిన్‌లో ట్రాపు అందరికీ కనిపిస్తుంది, అక్కడ మెరిసే బాటిల్ అందంగా ఉంటుంది. సొరుగులున్న అల్మరాలో కూడా అదే నయం. ఉంగరం పడిపోతే గిన్నె చేత్తో విప్పి తీసుకోవచ్చు. కొనేటప్పుడు లోపలికి వేలు పెట్టి చూడండి, కొన్నిట్లో గొట్టం బదులు మధ్యలో ఒక అడ్డు రేకు ఉంటుంది. ఆ రేకుకి చిల్లు పడితే బయటికి ఒక్క చుక్క కారదు, వాసన మాత్రం వస్తూనే ఉంటుంది.

ముడతల గొట్టాన్ని వంచి, తాడుతో కట్టి ట్రాపులా వాడటం కూడా చూస్తుంటాం. ప్రతి ముడతా మడ్డిని పట్టుకుంటుంది, కొన్నాళ్లకి వంపు సాగి సీల్ పోతుంది. తాత్కాలికంగా తప్ప వద్దు.

ట్రాపు నట్ల దగ్గర కారడానికి మామూలు కారణం తలకిందులైన వాషరు. ఒక వైపు సన్నబడిన వాషరు అయితే సన్నటి వైపు కీలు లోపలికి, చదును వైపు నట్టు వైపుకి. ఆ జారుడు కీళ్ల మర మీద టెఫ్లాన్ చుట్టొద్దు. అక్కడ నీళ్లని ఆపేది వాషరే, మర కాదు. టేపు మందానికి నట్టు మధ్యలోనే బిగుసుకుని వాషరుని నొక్కకుండా ఆగిపోతుంది. ప్లాస్టిక్ నట్లకి చెయ్యి చాలు. అన్నిటినీ ముందు వదులుగా ఎక్కించి, మొత్తం వరుసలో కూర్చున్నాక పైనుంచి కిందికి ఒక్కొక్కటీ బిగించండి. ఒకదాన్ని ముందే గట్టిగా బిగిస్తే మిగతావి లాగినట్టు కూర్చుంటాయి, లాగినట్టున్న కీలు ఎప్పటికైనా కారుతుంది.

గోడ పైపు లోపలి వ్యాసం ట్రాపు గొట్టం కంటే పెద్దగా ఉంటే మధ్యలో రబ్బరు తొడుగు పెట్టండి. సందులో సిమెంటో సిలికోన్ ముద్దో కుక్కితే రేపు విప్పడానికి గోడ పగలగొట్టాలి. గొట్టం 3 నుంచి 5 సెం.మీ. లోపలికి వెళ్తే చాలు. అంతకంటే తోస్తే లోపలున్న ఎల్బో వెనక గోడకి ఆనుకుని సగం దారి మూసేస్తుంది. అంతా కొత్తదే అయినా నీళ్లు నెమ్మదిగా పోతుంటే ముందు ఇక్కడే చూడండి.

చివర్లో పరీక్ష మూడు సార్లు చేయాలి, ఒక్కోదానిలో ఒక్కో చోటు బయటపడుతుంది. మొదటిసారి మూత మూసి సగం నింపి పావుగంట ఉంచండి. నీటి మట్టం దిగితే పాప్-అప్ మూత సరిగ్గా కూర్చోలేదు, లేదా పై అంచు వాషరు లోపం. రెండోసారి ఓవర్‌ఫ్లో రంధ్రం దాకా నింపి, సన్నగా కుళాయి వదిలి ఒక నిమిషం నీళ్లు అందులోంచే పోనివ్వండి. అడుగు వాషరు చుట్టూ టిష్యూ పొడిగా ఉంటే మీ పాత జబ్బు నయమైనట్టే. కుళాయి పూర్తిగా తిప్పితే ఓవర్‌ఫ్లో తట్టుకోకపోవచ్చు, ఆ చిన్న రంధ్రానికి అంత శక్తి ఉండదు. కాబట్టి అక్కడ మట్టం పెరిగితే వేస్టుని అనుమానించకండి.

మూడోసారి నిండు బేసిన్‌ని ఒక్కసారిగా వదిలి, చివరి నీళ్లు పోయేటప్పుడు చెవి పెట్టండి. చివర్లో చిన్న గరగర మామూలే. పెద్దగా గడగడమని లాగుతూ చాలాసేపు మోగితే ట్రాపులోని నీళ్లు కూడా వెంట పోతున్నాయి. గోడలోకి వెళ్లిన పైపు వెంటనే నిట్టనిలువుగా దిగి, దానికి గాలి గొట్టం లేనిచోట ఇలా జరుగుతుంది. నిజమో కాదో చూడాలంటే అలా వదిలిన వెంటనే కింద గిన్నె పెట్టి ట్రాపులోని నీళ్లు పట్టుకోండి. తర్వాత ట్రాపు బిగించి, కుళాయి సన్నగా వదిలి నింపి, మళ్లీ విప్పి పట్టుకోండి. మొదటిసారి పట్టినవి రెండోదాంట్లో సగం కూడా లేకపోతే సీల్ లాగేసుకుంటోంది. అప్పుడు ట్రాపు రకం మారిస్తే ప్రయోజనం లేదు, ఆ గొట్టానికి గాలి అందే దారి పెట్టించాలి.